గోతిక్ చర్చిల్లో ఫ్లయింగ్ బట్రెస్సులు గోడను ఎక్కడ పట్టుకోవాలి? అమియాఁ చూశాక వచ్చిన సందేహం

వెన్నెల_లిల్

నేను ఉత్తర ఫ్రాన్సులోని లిల్‌లో చదువుకుంటున్నాను. మొన్న శనివారం అమియాఁ కెథెడ్రల్ చూడటానికి వెళ్ళాను. లోపల నిలబడి పైకి చూస్తే నడి మందిరం కప్పు 42 మీటర్ల ఎత్తున ఉంది, అదంతా రాయే. బయటికి వచ్చి చుట్టూ తిరిగినప్పుడు ఒక విషయం నన్ను ఆపేసింది. జనం కూర్చునే పడమటి భాగంలో ఫ్లయింగ్ బట్రెస్సులు, అంటే బయటి దిమ్మల నుంచి గోడకు ఆనించిన సగం కమానులు, గట్టిగా, నిండు రాతితో ఉన్నాయి. తూర్పున బలిపీఠం వైపు భాగానికి వచ్చేసరికి పై వరుస కమానులు జాలీ పనిలా సన్నగా, కళ్ళు కళ్ళుగా ఉన్నాయి, వాటి కింద మరో మోటు వరుస ఉంది. ఆ కింది వరుస మొదట లేదనీ, 15వ శతాబ్దం చివర్లో గోడలు బయటికి వస్తున్నాయని గమనించి తర్వాత చేర్చారనీ, అదే కాలంలో లోపల ఒక ఇనుప గొలుసు కూడా బిగించారనీ అక్కడి గైడు చెప్పాడు. పై వరుసను మరీ ఎత్తున పెట్టడం వల్లే ఇదంతా వచ్చిందన్నాడు.

నాకు రెండు సందేహాలు. గోడను బయటి నుంచి ఆనించి పట్టుకోవడమే పని అయినప్పుడు, నాలుగు మీటర్లు పైన ఆనించినా కింద ఆనించినా తేడా ఎందుకు రావాలి? రెండోది, ఈ కమానులు ఎప్పుడూ లోపలికి తోస్తూనే ఉంటాయి కదా, గోడ లోపలికి ఎందుకు పడదు?

పరంజా

వెన్నెల గారూ, మీ మొదటి సందేహానికి జవాబు రిబ్బుల్లో ఉంది. గోతిక్ కప్పును ఒక గొడుగు అనుకోండి. గొడుగు బట్ట బరువంతా ఊచల మీద పడినట్టే, కప్పు బరువంతా ఆ అడ్డంగా, ఐమూలగా వెళ్ళే రాతి రిబ్బుల మీద పడుతుంది. రిబ్బుల మధ్య ఉన్న పలచటి రాతి పొర కేవలం నింపుడు. రిబ్బులు నాలుగు మూలలకు చేరిన చోట బరువు మొత్తం ఒక బిందువులో దిగుతుంది కాబట్టి, బట్రెస్ సరిగ్గా ఆ బిందువుకే తగలాలి. అటూ ఇటూ అయితే గోడ నిలవదు. బట్రెస్ పైన ఉండే శిఖరం లాంటి రాతి మొనలు కూడా అందం కోసం కాదు. ఆ బరువే తోపుడును కిందికి వంచుతుంది. ఆ మొనలు తీసేస్తే బట్రెస్ పడిపోతుంది.

రాతిలెక్క

పరంజా గారు చెప్పినదాంట్లో సగం సరైనదే. కప్పు బరువు మూలలకు చేరుతుందన్న మాట నిజం. గోతిక్ మేస్త్రీలకు గోడంతా మందంగా కట్టే అవసరం తప్పి, మూలల మధ్య అంత పెద్ద కిటికీలు పెట్టుకునే వీలు కలగడానికి కారణం అదే. అయితే బరువును మోసేది రిబ్బు ఒక్కటే అన్న మాటతో ఏకీభవించలేను. గొడుగు బట్టకు తనంతట తాను నిలిచే శక్తి లేదు. రిబ్బుల మధ్య ఉన్న రాతి పొర వంపుగా ఉంటుంది కాబట్టి అది తనకు తానే ఒక కమాను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దెబ్బలు తిన్న ఫ్రాన్సు చర్చిల్లో కొన్నిచోట్ల రిబ్బులు ఊడిపడినా పైపొర అలాగే నిలిచింది. 19వ శతాబ్దంలో ఫ్రెంచి వాస్తుశిల్పి వియొలె-లె-ద్యూక్ రిబ్బే అస్థిపంజరమని గట్టిగా చెప్పాడు, 1934లో పోల్ అబ్రహామ్ దాన్ని అంతే గట్టిగా ఖండించాడు. ఇప్పుడు చాలామంది ఒప్పుకునేది ఈ రెంటికీ మధ్యలో ఉంది. రెండు వంపులు కలిసే మడత దగ్గర ఒత్తిడి ఎక్కువగా పోగవుతుంది, అక్కడ రిబ్బు ఉంటే ఆ మడతకు బలం వస్తుంది, కానీ అది లేనంత మాత్రాన కప్పు కూలాలని లేదు.

ఇక వెన్నెల గారి అసలు ప్రశ్న. ఎత్తు ఎందుకు ముఖ్యమో తెలియాలంటే చిన్న లెక్క చేసి చూడటం మంచిది. అమియాఁకు దగ్గరగా ఉండే గుండు అంకెలు తీసుకుంటాను. ఇవి కొలిచినవి కావు, అంచనా కోసం నేను పెట్టుకున్నవి.

కప్పు వెడల్పు 14 మీటర్లు, ఒక బట్రెస్‌కూ పక్కదానికీ మధ్య 7.5 మీటర్లు అనుకుందాం. రాతి పొర, రిబ్బులు, వంపు మూలాన పెరిగే విస్తీర్ణం అన్నీ కలిపి నేల కొలతలో చదరపు మీటరుకు ఒక టన్ను వస్తుంది. అంటే రెండు బట్రెస్సుల మధ్య పడే ఒక గది కప్పు 105 టన్నులు, ఒక్కో వైపుకు సుమారు 52 టన్నులు. ఈ 52 టన్నులు కిందికి దిగేవి, వాటితో భయం లేదు. పక్కకు తోసే బలానికి మోటు సూత్రం ఇది:

```
H = w L² / (8 f)
```

ఇందులో `w` అంటే కప్పు వెడల్పులో ప్రతి మీటరుకూ పడే బరువు, మన లెక్కలో 7.5 టన్నులు. `L` వెడల్పు, `f` కమాను లేచిన ఎత్తు. అర్ధ వృత్తాకారపు కమాను అయితే 7 మీటర్లు లేస్తుంది, తోపుడు 26 టన్నులు. మొనదేలిన గోతిక్ కమాను 8.5 మీటర్లు లేచిందనుకుంటే 22 టన్నులకు తగ్గుతుంది. మొనదేలిన ఆకారం వల్ల వచ్చిన లాభం ఇంతే, తోపుడు ఎక్కడికీ పోలేదు.

ఈ 22 టన్నులు నేల నుంచి దాదాపు 30 మీటర్ల ఎత్తున గోడను బయటికి తోస్తున్నాయి. గోడను పడదోసే ప్రయత్నం 22ను 30తో గుణిస్తే 660. గోడ, స్తంభం, కప్పు, దాని పైన ఉండే కర్ర కప్పు బరువులన్నీ కలిపి 300 టన్నులు, స్తంభం మందం 2 మీటర్లు అనుకుంటే, దాన్ని నిలబెట్టగలిగేది 300ను సగం మందమైన ఒక మీటరుతో గుణిస్తే వచ్చే 300 మాత్రమే. 660 ముందు 300 నిలవదు. బట్రెస్ లేకపోతే కప్పు కింది కర్ర సెంట్రింగు తీసిన రోజే గోడ పోతుంది.

అయితే రాయి నలిగిపోతుందేమో అన్న భయం ఎవరికీ వద్దు. 42 మీటర్ల రాతి స్తంభం సొంత బరువుతో తన అడుగున వేసే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 10 కిలోలు. మామూలు సున్నపురాయి కూడా దానికి ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. ఈ కట్టడాల్లో సమస్య బలం గురించి కాదు, నిలకడ గురించి. తోపుడు దారి రాతి మందం లోపలే సాగి నేలను చేరుతుందా, లేక మధ్యలో రాయి దాటి గాలిలోకి వస్తుందా అన్నదే ప్రశ్న.

వెన్నెల_లిల్

లెక్క బాగా అర్థమైంది. అంటే బట్రెస్ ఆ 660ని మింగేస్తుందా?

రాతిలెక్క

మింగదు, బయట ఉన్న దిమ్మకు అప్పగిస్తుంది. ఫ్లయింగ్ బట్రెస్ అన్నది మధ్యవర్తి మాత్రమే. అసలు పని చేసేది పక్క మందిరాల బయట నిలబడిన ఆ రాతి దిమ్మ. అది 5 మీటర్ల లోతు, 1.8 మీటర్ల మందం, 25 మీటర్ల ఎత్తు అనుకుంటే సుమారు 540 టన్నులు తూగుతుంది. కమాను వాలుగా దిగుతుంది కాబట్టి తోపుడు దాన్ని 22 మీటర్ల ఎత్తున తాకుతుంది. కమాను సొంత బరువు వల్ల మరో నాలుగు టన్నుల తోపుడు కలుస్తుంది, బరువు కూడా ఓ 20 టన్నులు కలుస్తుంది. 26ను 22తో గుణించి 560తో భాగిస్తే ఒక మీటరు చిల్లర. అంటే దిమ్మ అడుగున బలం నడిమధ్య నుంచి ఒక మీటరు బయటికి జరిగి నేలను చేరుతుంది. బయటి అంచు ఇంకా మీటరున్నర దూరంలో ఉంది. దిమ్మ నిలుస్తుంది.

ఇదే లెక్కతో పరంజా గారి రాతి మొనను తూచవచ్చు. 10 టన్నుల మొన ఒకటి పైన పెడితే ఆ ఒక మీటరు రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది. దిమ్మను నిలబెడుతున్నది మొన కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. అయితే దానికి వేరే ఉపయోగం ఉంది. కమాను తగిలే చోట దిమ్మ తల దగ్గర పైన బరువు చాలా తక్కువ, అక్కడి వరుస రాళ్ళు బయటికి జారే ప్రమాదం ఉంది. మొన బరువు ఆ పై వరుసలను అదిమి పట్టుకుంటుంది.

పరంజా

మొన విషయం ఒప్పుకుంటున్నాను. కానీ కాలేజీలో మాకు మధ్య మూడో వంతు సూత్రం చెప్పారు. బలం అడుగు భాగంలో మధ్య మూడో వంతు దాటితే ఒక అంచు లేస్తుందని. మీ 5 మీటర్ల దిమ్మలో మధ్య నుంచి 83 సెంటీమీటర్లే హద్దు. మీకు మీటరు వచ్చింది. మరి మీ దిమ్మ ఫెయిలైనట్టే కదా?

రాతిలెక్క

ఈ ప్రశ్న మంచిది. ఆ సూత్రం పగులు రాకుండా ఉండటానికి పెట్టిన హద్దు, పడిపోకుండా ఉండటానికి కాదు. మధ్య మూడో వంతు దాటితే లోపలి అంచున రాళ్ళ మధ్య ఒత్తిడి సున్నా అవుతుంది, సున్నపు అతుకులో వెంట్రుక వాసి సందు రావచ్చు. బలం బయటి అంచు దాటినప్పుడే దిమ్మ తిరగబడుతుంది. అదీగాక నిజమైన దిమ్మలు కిందికి వచ్చేకొద్దీ మెట్లు మెట్లుగా వెడల్పవుతాయి, నేను లెక్క తేలికవుతుందని సమానంగా తీసుకున్నాను. 1960లలో ఇంజనీరు జాక్ హేమన్ ఈ కట్టడాల మీద రాసినప్పటి నుంచి అందరూ చెప్పేది ఇదే: రాతి కట్టడంలో పగులు సహజం, దాన్ని చూసి బెదిరిపోనక్కరలేదు, అది ఏ దిశగా, ఎంత వేగంగా పెరుగుతున్నదో చూడాలి.

ఇప్పుడు ఎత్తు సంగతి. కప్పు తోపుడు గోడలోకి ఒక పట్టీలా దిగుతుంది. కమాను మొదలయ్యే చోటుకు కాస్త పైన, దాని నడుము దగ్గర అది గోడను దాటుతుంది. ఫ్లయింగ్ బట్రెస్ తల ఆ ఎత్తున ఉంటే తోపుడు నేరుగా దానిలోకి వెళ్ళిపోతుంది. బట్రెస్ తల దానికి చాలా పైన ఉందనుకోండి, గోడ పైభాగాన్ని బట్రెస్ పట్టుకుంటుంది, కింద నేల పట్టుకుంటుంది, మధ్యలో తోపుడు తగులుతుంది. రెండు చివరలూ పట్టుకుని మధ్యలో మోకాలితో నెడితే వెదురుబద్ద ఎలా వంగుతుందో గోడ అలా బయటికి పొట్ట పెడుతుంది. అమియాఁ బలిపీఠం వైపు జరిగింది ఈ రకమే. రెండు వరుసలు ఉన్నచోట కింది వరుస కప్పు తోపుడును పట్టుకుంటుంది, పై వరుస కర్ర కప్పు మీద కొట్టే గాలి బలాన్ని పట్టుకుంటుంది. అక్కడ తర్వాతి తరం మేస్త్రీలు చేర్చింది మొదట్లో లేని ఆ కింది వరుసనే.

పడమటి భాగం మొదటి మేస్త్రీ రోబేర్ ద లుజార్ష్ 1220లో మొదలుపెట్టినది. తూర్పు భాగం పైన ఉన్న జాలీ కమానులు ఆ తర్వాతి మేస్త్రీ రెనో ద కోర్మోఁ కాలానివి. నా ఉద్దేశంలో అతని తప్పు ఎత్తులో ఎంత ఉందో, జాలీలో అంత ఉంది. నిండు కమాను అయితే తోపుడు దారి కాస్త అటూ ఇటూ జరిగినా రాతి లోపలే ఉంటుంది. జాలీ కమానులో పైన ఒక బద్ద, కింద ఒక బద్ద, మధ్యంతా ఖాళీ. దారి జరగడానికి చోటు లేదు.

కాకినాడ_మిల్లు

పెద్దలు క్షమించాలి, చర్చిల గురించి నాకు తెలియదు. మీ చర్చలో "గోడ బయటికి పొట్ట పెట్టింది" అన్న మాట చూసి ఆగాను. మా తాతగారి నాటి రైసుమిల్లు గోడౌను ఒకటి ఉంది. కప్పు ఇనుప గర్డర్ల మధ్య చిన్న చిన్న ఇటుక కమానులతో వేసినది, జాక్ ఆర్చి అంటారు. నిరుడు లోపల కొత్తగా సీలింగు వేయించినప్పుడు, చివరి గర్డరు నుంచి గోడలోకి అడ్డంగా ఉన్న ఇనుప కడ్డీలు అడ్డొస్తున్నాయని కాంట్రాక్టరు కోయించేశాడు. అవి "పూర్వం లాంతర్లు వేలాడదీసేవి" అని చెప్పాడు, నేను నమ్మాను. ఇప్పుడు ఆ చివరి గోడ పైన నిలువు పగులు వచ్చింది. గోడకు బయట ఇలాంటి ఫ్లయింగ్ బట్రెస్ ఒకటి కట్టిస్తే సరిపోతుందా?

పరంజా

అయ్యో, అవి లాంతరు కడ్డీలు కావండీ!

రాతిలెక్క

కాకినాడ మిల్లు గారూ, మీరు క్షమాపణ అడగనక్కర్లేదు. వెన్నెల గారు అడిగిన రెండో ప్రశ్నకు మీ గోడౌనే మంచి ఉదాహరణ.

మీ కప్పులో మధ్యలో ఉన్న ప్రతి ఇటుక కమానూ తన పక్క కమానును తోస్తుంది, అది తిరిగి తోస్తుంది, రెండూ సరిపోతాయి. చివరి కమానుకు అవతల పక్క కమాను లేదు, గోడే ఉంది. దాని తోపుడును ఆ కడ్డీలు పట్టుకుని ఉన్నాయి. ఒకటిన్నర మీటర్ల కమాను 15 సెంటీమీటర్లే లేచిందనుకుని, చదరపు మీటరుకు 600 కిలోల బరువు పెట్టి పై సూత్రంలోనే వేస్తే, గోడ పొడవులో ప్రతి మీటరుకూ టన్నుకు పైగా తోపుడు వస్తుంది. చిన్న కమాను కదా అని తీసిపారేయకూడదు, ఎంత బల్లపరుపుగా ఉంటే అంత ఎక్కువ తోస్తుంది.

బయట బట్రెస్ కట్టించవచ్చు, కానీ మీకు అది దండగ ఖర్చు. కొత్త ఇటుక దిమ్మ తన సొంత పునాది మీద కొంత దిగుతుంది, దిగినంత మేరా పాత గోడను పట్టుకోదు. కోసిన కడ్డీలనే తిరిగి పెట్టించండి, గోడ బయట ఇనుప పలక వేసి నట్టుతో బిగించే రకం. ఈలోగా లోపల చివరి కమాను కింద కర్ర పోట్లు, బయట గోడకు ఏటవాలు దుంగలు పెట్టించండి. పగులు మీద మూడు చోట్ల, పైన, నడుమ, కింద, పలచటి గాజు ముక్కలను రెండు వైపులా సిమెంటు మెత్తి అతికించండి. గాజు సాగదు కాబట్టి గోడ ఏమాత్రం కదిలినా విరిగిపోతుంది. తేదీ పక్కనే రాసి పెట్టండి. మీ ఊళ్ళో కట్టడాలు చూసే ఇంజనీరు ఒకరిని పిలిపించి చూపించడం మాత్రం మానకండి, నేను దూరం నుంచి చెబుతున్నాను.

సున్నంబట్టీ

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. కడ్డీల మాట వచ్చింది కాబట్టి బోవే గుర్తు చేయాలి. అమియాఁకు దగ్గర్లోనే ఉన్న ఆ కెథెడ్రల్ కప్పు ఇంకా ఎత్తు, సుమారు 48 మీటర్లు. 1272లో పూర్తయింది, 1284లో కొంత భాగం కూలింది. మళ్ళీ కట్టినప్పుడు స్తంభాల మధ్య అదనపు స్తంభాలు చేర్చారు. ఆ బట్రెస్సుల మధ్య ఉన్న ఇనుప కడ్డీలను 1960లలో అందం చెడుతోందని తీసేశారు. ఆ తర్వాత ఈదురుగాలికి తూర్పు భాగం ఊగడం మొదలుపెట్టిందని గమనించి, మళ్ళీ ఉక్కు కడ్డీలు పెట్టాల్సి వచ్చింది. కాకినాడ కాంట్రాక్టరు ఒక్కడే కాదన్నమాట ఆ తప్పు చేసింది.

1284లో ఎందుకు కూలిందన్న దానిమీద మాత్రం నాకు రాతిలెక్క గారి పద్ధతితో పేచీ ఉంది. మీరు కప్పు సొంత బరువు ఒక్కటే లెక్కేశారు. అంత ఎత్తు గోడకు, దాని పైన నిలబడిన కర్ర కప్పుకు గాలి బలం తక్కువేమీ కాదు. 12 ఏళ్ళు నిలిచిన కప్పు సొంత బరువుతోనే పడిపోతే, ఆ 12 ఏళ్ళూ ఎలా నిలిచింది?

రాతిలెక్క

గాలిని వదిలేశానన్నది నిజమే. అయితే 12 ఏళ్ళ ప్రశ్నకు గాలి ఒక్కటే జవాబు కాదు. ఆ రోజుల్లో సున్నం గట్టిపడటానికి ఏళ్ళు పడుతుంది. అంతవరకూ మందపాటి అతుకులు నెమ్మదిగా నలుగుతూ ఉంటాయి. మందపాటి దిమ్మ కొంత, పక్కనే నిలిచిన సన్నటి స్తంభాలు కొంత, వేర్వేరుగా దిగుతాయి. అప్పుడు ఒకే రాయి మీద భారం పోగవుతుంది. వియొలె-లె-ద్యూక్ బోవే మీద చెప్పిన వాదన ఈ తరహాది. అమెరికాలో రాబర్ట్ మార్క్ అనే ఇంజనీరు ప్లాస్టిక్ నమూనాలు చేసి చూసి, గాలి వల్ల మధ్య దిమ్మల మీద వచ్చే తన్యతను, అంటే రాళ్ళను విడదీసే లాగుడును, కారణంగా చూపించాడు. నాకు మొదటిది ఎక్కువ నచ్చుతుంది. కానీ 1284లో ఏ రాయి ముందు జారిందో చూసినవాళ్ళు రాసిపెట్టలేదు కాబట్టి, నా నచ్చడం సాక్ష్యం కాదు.

సున్నంబట్టీ

సాక్ష్యం కాదని ఒప్పుకున్నందుకు సంతోషం. నేను గాలి వైపే ఉంటాను.

వెన్నెల_లిల్

నా రెండో ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. కప్పు తోయడం మానేస్తే ఆ కమానులు గోడను లోపలికి నెట్టేయవా?

రాతిలెక్క

నెట్టే ప్రమాదం ఉంది, దానికి పారిస్ నోట్ర్ దామ్ సాక్ష్యం. ఫ్లయింగ్ బట్రెస్ కూడా ఒక కమానే, సగం కమాను. తన బరువుతో తాను గోడను లోపలికి కొద్దిగా తోస్తూనే ఉంటుంది, కప్పు బయటికి ఎక్కువగా తోస్తుంది. రెండూ కలిసినప్పుడే శాంతి. 2019 ఏప్రిల్ 15 రాత్రి మంటల్లో కర్ర కప్పు మొత్తం పోయింది, గోపురం కూలి నడి కూడలిలో రాతి కప్పు కొంత పడిపోయింది. మిగిలిన రాతి కప్పు నిలుస్తుందో లేదో తెలియని స్థితి. అది పడిపోతే బట్రెస్సులకు ఎదురు తోపుడు ఉండదు. అందుకే మరమ్మతుల్లో ముందుగా చేసిన పనుల్లో ఒకటి, 28 ఫ్లయింగ్ బట్రెస్సుల కింద వాటి వంపుకే కోసిన కర్ర సెంట్రింగు బిగించడం. ఇల్లు కట్టేటప్పుడు కమాను కింద సెంట్రింగు ఎందుకు పెడతామో, అది కట్టిన ఎన్నో ఏళ్ళకు మళ్ళీ అందుకే పెట్టారు.

గోడ కూడా పూర్తిగా నిస్సహాయం కాదు. గోడ బరువు ఆ చిన్న లోపలి తోపుడును కొంతవరకు తనలోనే ఇముడ్చుకుంటుంది. మేస్త్రీలు కమానును వీలైనంత సన్నగా, తేలికగా చేయడానికి కారణం కూడా అదే, బరువైన కమాను లోపలికి ఎక్కువ తోస్తుంది. రెనో ద కోర్మోఁ ఆ ఆలోచనను సాగదీసి జాలీ దాకా తీసుకెళ్ళాడనిపిస్తుంది.

సున్నంబట్టీ

ఒక్క మాట చేర్చాలి. ఈ కమానుల వీపు మీద చాలాచోట్ల నీటి కాలువ ఉంటుంది. పై కప్పు వాననీళ్ళు ఆ కాలువ గుండా దిమ్మ దాకా వచ్చి, రాతి మృగాల నోళ్ళ నుంచి బయట పడతాయి. కాలువ అతుకుల్లో పగులు వస్తే నీళ్ళు కమాను రాళ్ళ మధ్యకి దిగి సున్నాన్ని కొట్టుకుపోతాయి. కింద నిలబడి కమాను కడుపు వైపు చూస్తే తెల్లటి చారలు, వేలాడే సున్నపు బొట్లు కనిపిస్తాయి. వెన్నెల గారు మళ్ళీ వెళితే ఆ చారలు చూడండి. లెక్కల్లో నిలిచిన కమానులను నీళ్ళు పడగొట్టగలవు.

వెన్నెల_లిల్

తప్పకుండా చూస్తాను. గొలుసు గురించి ఎవరూ చెప్పలేదు. దాన్ని ఎర్రగా కాల్చి బిగించారనీ, చల్లారి ముడుచుకుని గోడలను దగ్గరికి లాగిందనీ గైడు చెప్పాడు.

రాతిలెక్క

ఆ కథ అందరూ చెబుతారు. గొలుసు ఉన్నమాట నిజం, పక్క మందిరాల కప్పులకు పైన ఉన్న సన్నటి నడవాలో అది సాగుతుంది, నడి కూడలి నాలుగు పెద్ద స్తంభాలు లోపలికి వంగడాన్ని ఆపడం దాని పని. అక్కడ తోపుడు పక్క మందిరాల కమానుల నుంచి వచ్చేది, కాబట్టి దాన్ని బయటి బట్రెస్ పట్టుకోలేదు.

ఎర్రగా కాల్చడం మీద మాత్రం నాకు అనుమానం ఉంది. 5 మీటర్ల ఇనుప కడ్డీని 400 డిగ్రీలు వేడెక్కిస్తే రెండున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది, ఆ మేరకు చల్లారాక ముడుచుకుంటుంది. ఒక్కో ముక్కను వేడి మీద తగిలించి చీలలు కొట్టడం సాధ్యమే. మొత్తం గొలుసును ఒక్కసారి ఎర్రగా ఉంచడం ఏ కొలిమికీ సాధ్యం కాదు. బిగువు చాలావరకు చీలలతోనే వచ్చి ఉంటుందని నా ఊహ.

పరంజా

నేనయితే గైడు మాటే నమ్ముతాను, వినడానికి అది బాగుంది.

కాకినాడ_మిల్లు

16 రోజుల తర్వాత రాస్తున్నాను. ఇంజనీరు గారు వచ్చి చూశారు, రాతిలెక్క గారు చెప్పిన మాటే చెప్పారు. గాజు ముక్కల్లో పైది విరిగింది. నడిమిది, కిందది బాగానే ఉన్నాయి. విరిగిన సందులో పోస్టుకార్డు అంచు పడుతోంది. కడ్డీలు వచ్చే వారం చేతికి వస్తాయి. కర్ర పోట్లు ఇప్పటికే పెట్టించాను, కానీ మేస్త్రీ అవి గిడ్డంగి దారికి అడ్డంగా ఉన్నాయని, కడ్డీలు పెట్టడానికి ముందే తీసేద్దామంటున్నాడు.

రాతిలెక్క

తీయనివ్వకండి. పైగాజు ఒక్కటే విరిగిందంటే గోడ అడుగు కదల్లేదు, తల మాత్రం బయటికి జరుగుతోంది. అంటే చివరి కమాను దాన్ని ఇంకా తోస్తూనే ఉంది. కడ్డీలు వేసి, బయటి పలకల నట్లు బిగించి, కొత్త గాజు ముక్క అతికించి కనీసం ఒక నెల విరగకుండా ఉందని చూశాకే పోట్లు తీయించండి. అదీ ఒక్కసారిగా కాదు, మధ్య నుంచి మొదలుపెట్టి రోజుకొకటి చొప్పున, చీలలు వదులు చేస్తూ.